బండిల్ షీట్‌లో 97 శాతం, అయినా సెంట్రల్ లైన్ ఇన్‌ఫెక్షన్లు తగ్గట్లేదు. ఎక్కడ చూడాలి?

సుజాత_ఐసీఎన్

అందరికీ నమస్కారం. మాది ఒక జిల్లా కేంద్రంలో ప్రైవేటు ఆసుపత్రి, పన్నెండు పడకల మెడికల్ ఐసీయూ. తొమ్మిదేళ్ళు అక్కడే స్టాఫ్ నర్సుగా చేసి, ఏప్రిల్ నుంచి ఇన్‌ఫెక్షన్ కంట్రోల్ నర్సుగా చేస్తున్నాను. ట్రైనింగ్ అంటే రెండు రోజుల వర్క్‌షాప్, అంతే. తెలిసీ తెలియని ప్రశ్న అయితే ఏమీ అనుకోకండి.

మూడు నెలల లెక్క ఇది. సెంట్రల్ లైన్ ఉన్న రోజులు జూన్‌లో 214, జులైలో 231, ఆగస్టులో 226. మొత్తం 671. లైన్ వల్ల రక్తంలోకి ఇన్‌ఫెక్షన్ వచ్చినవాళ్ళు ఐదుగురు. వెయ్యి లైన్ డేస్‌కి 7.5 పడుతోంది. అంతకు ముందు మూడు నెలలదీ ఇంచుమించు అంతే.

బండిల్ షీట్లు తీస్తే మాత్రం ప్రతి నెలా 96, 97 శాతం. చేతులు కడిగారా, టోపీ, మాస్కు, గౌను, గ్లౌజులు వేసుకుని పెద్ద డ్రేప్ పరిచారా, క్లోర్‌హెక్సిడిన్‌తో తుడిచారా, తొడ దగ్గర కాకుండా పైన వేశారా, లైన్ ఇంకా అవసరమా అని రోజూ అడిగారా... అన్నిటికీ టిక్కులే. మీటింగ్‌లో మా మెడికల్ డైరెక్టర్ గారు "అన్నీ చేస్తుంటే మరి ఎందుకొస్తున్నాయమ్మా?" అన్నారు. నా దగ్గర జవాబు లేదు. ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలో చెప్పండి.

క్వాలిటీ_రమేష్

ముందు లెక్క సరిగ్గా ఉందో లేదో చూడండి మేడమ్. ఒకే పేషెంట్‌కి మెడలో ఒక లైను, డయాలిసిస్ కోసం ఇంకో లైను ఉంటే రెండు రోజులుగా రాయకూడదు, ఒక్కటే. రోజూ ఒకే టైముకి తల లెక్కపెట్టాలి. మా దగ్గర ఒక షిఫ్ట్ పొద్దున, ఇంకో షిఫ్ట్ రాత్రి లెక్కపెట్టి రెండు నెలలు గందరగోళం చేశారు. ఇంకోటి, న్యుమోనియా ఉన్నవాళ్ళ కఫంలో వచ్చిన క్రిమే రక్తంలోనూ వస్తే దాన్ని లైన్ ఖాతాలో వేయకూడదు. అలాంటివి ఏమైనా కలిశాయేమో.

సుజాత_ఐసీఎన్

రోజూ రాత్రి పదకొండుకి లెక్కపెడతాం సార్, మనిషికి ఒక్కటే. ఐదు కేసులూ మా మైక్రోబయాలజీ మేడమ్‌తో కూర్చుని చూశాను. వేరే చోట ఇన్‌ఫెక్షన్ కనబడలేదు. లైన్ నుంచి ఒక కల్చరు, చేతి నుంచి ఒక కల్చరు ఒకేసారి తీసిన కేసులు మూడున్నాయి. ఆ మూడింట్లోనూ లైన్ బాటిలే రెండు గంటలకు మించి ముందు పాజిటివ్ అని మోగింది. కాబట్టి ఇవి నిజమైనవే అని మేడమ్ అన్నారు.

పీజీ_రెండో_ఏడు

సిస్టర్, ఇది సింపుల్. ఏడో రోజు దాటిన ప్రతి లైనూ మార్చేయండి. పాత లైన్‌లోంచి గైడ్‌వైర్ వేసి కొత్తది దించితే పది నిమిషాల పని. మా యూనిట్‌లో అదే చేస్తాం. ఎక్కువ రోజులు ఉంటే ఇన్‌ఫెక్షన్ రావడం ఖాయం, అది అందరికీ తెలిసిందే కదా.

గోదారి_గట్టు

డాక్టరు గారూ, సగం మాట కరెక్టే. లైన్ ఉన్నన్ని రోజులూ రిస్క్ ఉంటుంది, అందుకే అవసరం తీరిన రోజే తీసేయమంటాం. కానీ అవసరం ఉన్న లైన్‌ని క్యాలెండర్ చూసి మార్చినంత మాత్రాన ఇన్‌ఫెక్షన్లు తగ్గవు. కొత్త చోట గుచ్చితే ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరడం, ఆర్టరీలోకి పోవడం లాంటి తంటాలు ఉంటాయి. గైడ్‌వైర్ మీద మార్చారంటే క్రిములున్న ఆ పాత దారిలోకే కొత్త గొట్టాన్ని దింపినట్టు. రొటీన్‌గా మార్చవద్దనే గైడ్‌లైన్లు కూడా చెప్తున్నాయి.

సుజాత గారూ, మీరు పెట్టిన లెక్క బాగుంది గానీ ఒక్క విషయం చెప్పలేదు. ఆ ఐదుగురికీ లైన్ వేసిన ఎన్నో రోజున జ్వరం వచ్చి కల్చర్ పాజిటివ్ అయింది? ఎక్కడ వేశారు, ఎవరు వేశారు, ఏ క్రిమి? ఒక కాగితం మీద ఐదు వరసలుగా రాసి ఇక్కడ పెట్టండి. పేర్లు వద్దు. ముప్పై ఏళ్ళుగా ఐసీయూల్లో ఉన్నాను. నన్ను అడిగితే శాతం కన్నా ఆ ఐదు వరసలే ఎక్కువ చెప్తాయి.

మూర్తి_కాకినాడ

అందరికీ నమస్తే. క్యాథెటర్ ఇన్‌ఫెక్షన్ గురించి అని చూసి అడుగుతున్నాను. మా నాన్నగారికి 78 ఏళ్ళు, ప్రోస్టేట్ వల్ల రెండు నెలలుగా యూరిన్ పైపు ఉంది, ఇంట్లోనే. ప్రతి పదిహేను రోజులకీ యూరిన్ టెస్ట్ చేయిస్తున్నాం. ప్రతిసారీ పస్ సెల్స్ నిండుగా, కల్చర్‌లో ఏదో ఒక బ్యాక్టీరియా. ఇప్పటికి మూడు కోర్సుల యాంటీబయాటిక్ అయ్యాయి. మొన్నటి రిపోర్టులో నోటి మాత్రలు ఏవీ పనిచేయవని ఉంది. చాలా టెన్షన్‌గా ఉంది. ఈ బండిల్ అనేది ఇంట్లో చేయొచ్చా?

లీడ్స్_నర్సమ్మ

మూర్తి గారూ, ఇక్కడ మాట్లాడుతున్నది మెడ నరంలో వేసే లైన్ గురించి, మీది వేరే విషయం. అయినా చెప్తాను, ఎందుకంటే ఇది మా అత్తగారింట్లోనూ జరిగింది.

నాన్నగారికి జ్వరం, చలి, నడుం పక్కన నొప్పి, ఉన్నట్టుండి మాట తడబడటం, ఇలాంటివి ఏమైనా ఉన్నాయా? లేకుండా ఉత్తి రిపోర్టు చూసే మందులు వాడారా? పైపు వేసిన తర్వాత రోజుకి ఇంత చొప్పున బ్యాక్టీరియా చేరుతూనే ఉంటుంది. నెల తిరిగేసరికి దాదాపు అందరి యూరిన్‌లోనూ ఏదో ఒకటి పెరుగుతుంది. పస్ సెల్సూ ఉంటాయి. అది పైపు ఉందన్న గుర్తు మాత్రమే, జబ్బు కాదు. దానికి మందిస్తే మందుకి లొంగేవి చస్తాయి, లొంగనివి మిగులుతాయి. మీ మూడో రిపోర్టులో కనిపిస్తున్నది అదే అయ్యుండొచ్చు. ఒంట్లో బాగున్నప్పుడు టెస్టే చేయించొద్దని మీ యూరాలజిస్టుతో మాట్లాడండి. నిజంగా జ్వరం వస్తే మాత్రం పైపు మార్చి, కొత్త పైపు నుంచి శాంపిల్ తీయించండి. సంచిలోంచి తీసింది పనికిరాదు.

సంచి ఎప్పుడూ మూత్రాశయం కన్నా కిందే ఉండాలి, కానీ నేలకి తగలకూడదు. నడిపించేటప్పుడు సంచిని ఎత్తి భుజాన వేసుకుంటారు చాలామంది, అందులోది వెనక్కి పారుతుంది. పైపుకీ సంచికీ మధ్య అతుకు అనవసరంగా ఊడదీయొద్దు.

మూర్తి_కాకినాడ

జ్వరం ఒక్కసారి కూడా రాలేదండీ. మనిషి బాగానే తిరుగుతున్నారు. రిపోర్టులో ఎర్ర అక్షరాలు చూసి మేమే కంగారుపడి డాక్టరు దగ్గరికి పరిగెత్తాం. అసలు ఈ పైపు ఎంతకాలం ఉంచాలని ఎవరూ చెప్పలేదు.

గోదారి_గట్టు

ఆ చివరి వాక్యం పట్టుకుని వెళ్ళండి మూర్తి గారూ. "పైపు ఎప్పుడు తీస్తారు, తీసి చూశారా?" అని అడగండి. అన్నిటికన్నా పెద్ద నివారణ అదే. మీకు వేరే పోస్టు మొదలుపెడితే బాగుంటుంది, ఇక్కడ కలిస్తే సుజాత గారి విషయం పక్కకి పోతుంది.

సుజాత_ఐసీఎన్

సార్, డ్యూటీ అయ్యాక కేస్ షీట్లన్నీ తీసి రాశాను.

ఒకటి: ఐదో రోజు. తొడ దగ్గర లైను. రాత్రి రెండింటికి క్యాజువాలిటీలో, గుండె ఆగి సీపీఆర్ చేస్తూ వేశారు. స్టాఫ్ ఆరియస్.
రెండు: ఎనిమిదో రోజు. మెడలో లైను, ట్రకియాస్టమీ ఉన్న మనిషి. చర్మం మీద ఉండే స్టాఫ్ క్రిమి, రెండు కల్చర్లలోనూ.
మూడు: తొమ్మిదో రోజు. మెడలో. క్లెబ్సియెల్లా.
నాలుగు: పదకొండో రోజు, నాలుగో నంబరు బెడ్. బర్క్‌హోల్డేరియా సెపేసియా.
ఐదు: పద్నాలుగో రోజు, ఐదో నంబరు బెడ్. మళ్ళీ అదే బర్క్‌హోల్డేరియా. నాలుగోదానికీ దీనికీ మధ్య పన్నెండు రోజులు.

రాస్తుంటే ఒకటి తెలిసింది. క్యాజువాలిటీలో వేసిన లైన్లకి అసలు బండిల్ షీటే లేదు. 97 శాతం అన్నది ఐసీయూలో వేసిన లైన్లకి మాత్రమే!

గోదారి_గట్టు

చూశారా, కాగితం మాట్లాడింది.

మొదటి కేసు విడిగా పెట్టండి. ప్రాణం పోతుంటే గౌనూ డ్రేపూ అని కూర్చోలేం, తొడలో వేయడం తప్పు కాదు. తప్పు మర్నాడు జరిగింది. హడావిడిలో శుభ్రత లేకుండా వేసిన లైన్‌ని మనిషి కుదుటపడ్డాక, రెండు రోజుల్లోపు తీసి అవసరమైతే వేరే చోట పద్ధతిగా వేయాలి. ఆ లైన్ మీద ఎర్ర స్టిక్కరో, టేపు మీద పెన్నుతో "ఎమర్జెన్సీ" అనో రాసే అలవాటు పెట్టండి. లేకపోతే ఐసీయూకి చేరాక అది ఎలా వేశారో ఎవరికీ గుర్తుండదు.

ఇప్పుడు మిగతా నాలుగు. లైన్ వేసేటప్పుడు చర్మం మీది క్రిమి లోపలికి పోతే అది గొట్టం బయటి గోడ పట్టుకుని పాకుతుంది. అలాంటివి ఎక్కువగా మొదటి వారంలోనే బయటపడతాయి. వారం దాటాక వచ్చేవి చాలావరకు హబ్ గుండా, గొట్టం లోపలి నుంచి వస్తాయి. అంటే సూది మందు ఎక్కించే చోటు, త్రీవే, ఫ్లష్. ఇది గీత గీసినట్టు ఉండదు, రెండూ కలిసిన కేసులూ ఉంటాయి. కానీ ఐదింట్లో నాలుగు ఏడో రోజు దాటాకే వచ్చాయంటే నా చూపు లైన్ వేసే డాక్టరు మీద కాదు, రోజూ లైన్ ముట్టుకునే చేతుల మీద ఉంటుంది. మీ షీట్‌లో ఉన్న ఐదు ప్రశ్నల్లో నాలుగు లైన్ వేసే అరగంట గురించే. ఆ తర్వాత పద్నాలుగు రోజుల్లో ఆ లైన్‌ని ఎన్నిసార్లు విప్పి మూస్తారో ఒకసారి లెక్కేయండి.

ఇక బర్క్‌హోల్డేరియా. అది సాధారణంగా మనిషి చర్మం మీద కాపురం ఉండేది కాదు. నీళ్ళలో, ద్రావణాల్లో బతుకుతుంది, కొన్ని యాంటిసెప్టిక్ ద్రావణాల్లో కూడా. పక్కపక్క బెడ్లలో రెండు వచ్చాయంటే ఇద్దరికీ ఉమ్మడిగా ఏదో ద్రవం వెళ్ళిందేమో చూడాలి. మీ దగ్గర ఫ్లష్ దేనితో చేస్తారు?

సుజాత_ఐసీఎన్

సార్... ట్రాలీ మీద అర లీటరు నార్మల్ సలైన్ బాటిల్ ఉంటుంది. రబ్బరుకి పద్దెనిమిది నంబరు సూది గుచ్చి వదిలేస్తాం. అందరి ఫ్లష్‌లూ అందులోంచే. షిఫ్ట్ మారినప్పుడు మార్చాలి, ఒక్కోసారి అయిపోయేదాకా ఉంటుంది. తొమ్మిదేళ్ళు నేనూ అలాగే తీశాను. ఇప్పుడు రాస్తుంటే నాకే ఎలాగో ఉంది.

ఆర్టీ_నవీన్

మీరొక్కరే కాదు సిస్టర్, నేను చూసిన నాలుగు ఆసుపత్రుల్లో మూడింట్లో ఆ "ఫ్లష్ బాటిల్" ఉంది.

పీజీ_రెండో_ఏడు

సలైన్ స్టెరైలే కదా సార్, మూసిన బాటిల్. ఒక్కో ఫ్లష్‌కి ఒక్కో ఆంప్యూల్ అంటే ఖర్చు ఎవరు భరిస్తారు?

గోదారి_గట్టు

మూసి ఉన్నంతవరకు స్టెరైలే. సూది గుచ్చి వదిలాక అది మూసిన బాటిల్ ఎలా అవుతుంది? ఒక్కసారి లోపలికి ఏదైనా పోతే గది వేడిలో షిఫ్టంతా పెరగడానికి టైము ఉంటుంది. సలైన్‌లో క్రిమిని ఆపే మందేమీ లేదు. ఖర్చు మాట నిజమే. అయితే బర్క్‌హోల్డేరియా వచ్చిన మనిషికి అదనంగా ఎన్ని రోజుల ఐసీయూ బిల్లు అయిందో సుజాత గారు పక్కన రాసి చూపిస్తే స్టోర్స్ వాళ్ళు కూడా లెక్క చూసుకుంటారు.

సుజాత గారూ, వాడుతున్న బాటిల్‌లోంచి కొంచెం తీసి కల్చర్‌కి పంపండి. మీరు వాడే యాంటిసెప్టిక్‌లూ, నెబ్యులైజర్ ద్రావణాలూ కూడా. తర్వాత ఒక వారం రోజులు చేతిలో ఫారం లేకుండా ఐసీయూలో నిలబడండి. ఊరికే చూడండి.

లీడ్స్_నర్సమ్మ

ఫారం లేకుండా నిలబడమన్నది బంగారం లాంటి మాట. చేతిలో ప్యాడ్ చూడగానే అందరూ చేతులు రుద్దడం మొదలుపెడతారు.

ఒక పాత సంగతి. అమెరికాలో మిషిగన్ రాష్ట్రంలో వందకు పైగా ఐసీయూల్లో 2004లో ఈ ఐదు పనులే మొదలుపెట్టారు. మూడు నెలలు తిరిగేసరికి వెయ్యి లైన్ డేస్‌కి 2.7 ఉన్న మధ్య రేటు సున్నా అయింది. అది 2006లో అచ్చయ్యాక ప్రపంచమంతా ఆ చెక్‌లిస్టుని ఎత్తుకుంది. కానీ అక్కడ చెక్‌లిస్టు ఒక్కటే కాదు. కావలసిన సామానంతా ఒకే బండిలో పెట్టారు. పద్ధతి తప్పితే డాక్టరుని ఆపే అధికారం నర్సుకి ఇచ్చారు. ప్రతి నెలా రేటు యూనిట్‌కి చూపించారు. మనం కాగితం తెచ్చుకున్నాం, అధికారం తెచ్చుకోలేదు.

ఇక్కడ ఇంగ్లాండ్‌లో 2009 నుంచి 2011 దాకా అదే చేద్దామని చూశారు. రేట్లు తగ్గాయి. తమాషా ఏంటంటే ఆ ప్రోగ్రాంలో ఇంకా చేరని యూనిట్లలో కూడా తగ్గాయి. అందుకని తగ్గింది బండిల్ వల్లా, కాలం మారుతుండటం వల్లా అని ఇప్పటికీ వాదించుకుంటారు.

క్వాలిటీ_రమేష్

చెక్‌లిస్టుని మరీ తీసిపారేయకండి మేడమ్. ఎన్ఏబీహెచ్ వాళ్ళు వస్తే ఈ రేట్లూ, షీట్లూ అడుగుతారు. కాగితం లేకపోతే చేసిన పని కూడా చేయనట్టే.

లీడ్స్_నర్సమ్మ

తీసిపారేయట్లేదు రమేష్ గారూ. షిఫ్ట్ చివర్లో ఒకేసారి పన్నెండు బెడ్ల షీట్లకి ఒకే పెన్నుతో టిక్కులు పెడితే అది దేని లెక్క అని అడుగుతున్నా.

ఆర్టీ_నవీన్

వెంటిలేటర్ బండిల్‌లోనూ ఇదే కథ. నేను రెస్పిరేటరీ థెరపిస్టుని. మా షీట్‌లో "తల వైపు 30 నుంచి 45 డిగ్రీలు" అని ఉంటుంది. వంద శాతం టిక్కు. ఒకరోజు బెడ్ పక్కనున్న కోణం కొలిచే గుండు చూసుకుంటూ తిరిగాను. కంటికి ముప్పై అనిపించినవి చాలా ఇరవై దగ్గర ఉన్నాయి. కొన్నింట్లో బెడ్ ముప్పైలోనే ఉంది, మనిషి మాత్రం కిందికి జారి నడుం దగ్గర మడతపడి ఉన్నాడు. ఛాతీ దాదాపు చదునే. పక్క దులపడానికో, ఎక్స్‌రేకో బెడ్ దించి మళ్ళీ ఎత్తడం మర్చిపోతారు. ట్యూబ్ ఫీడ్ మాత్రం నడుస్తూనే ఉంటుంది.

ఇంకోటి, కఫ్ ప్రెషర్. గొంతులో ట్యూబ్ చుట్టూ ఉండే బెలూన్‌లో 20 నుంచి 30 సెంటీమీటర్ల నీటి ఒత్తిడి ఉండాలి. తగ్గితే నోట్లో చేరిన చొంగ అంచుల వెంట ఊపిరితిత్తుల్లోకి జారుతుంది. చాలా చోట్ల వేలితో నొక్కి "బాగానే ఉంది" అంటారు. మీటర్ పెట్టి చూస్తే ఒకటి 12, ఇంకోటి 50.

పీజీ_రెండో_ఏడు

వెంటిలేటర్ సర్క్యూట్ రెండు రోజులకోసారి మార్చాలి కదా బ్రో? అలాగే నోట్లో క్లోర్‌హెక్సిడిన్ కంపల్సరీ. బండిల్‌లోనే ఉంది.

ఆర్టీ_నవీన్

సర్క్యూట్ మురికిగా కనబడితేనో, పాడైతేనో మార్చాలి అంతే. ఊరికే విప్పితే లోపల చేరిన నీళ్ళు పేషెంట్ వైపు పోయే ప్రమాదం. క్లోర్‌హెక్సిడిన్ సంగతి పెద్దవాళ్ళు చెప్పాలి, మా యూనిట్‌లోనే రెండు వర్గాలున్నాయి.

గోదారి_గట్టు

అది మారింది. ఒకప్పుడు బండిల్‌లో చేర్చారు, నేనూ ఏళ్ళ తరబడి రాయించాను. తర్వాత 2014లో పాత ట్రయల్స్ అన్నీ కలిపి మళ్ళీ చూస్తే, గుండె ఆపరేషన్ కానివాళ్ళలో న్యుమోనియా తగ్గినట్టు గట్టిగా తేలలేదు సరికదా, మరణాలు కొంచెం పెరిగాయేమోనన్న అనుమానం వచ్చింది. 2022 అమెరికన్ గైడ్‌లైన్ దాన్ని వద్దంది. బ్రష్‌తో పళ్ళు తోమడం మాత్రం చేయమంది. అనుమానం నిజమా కాదా అన్నది ఇంకా తేలలేదు, నా మిత్రులు కొందరు ఇప్పటికీ వాడుతున్నారు. నేను ఆపేశాను. నిజం చెప్పాలంటే బ్రష్ చేయించడం కష్టం. పుక్కిలించే మందు దూదితో రాయడం సులువు, అందుకే అది అంత త్వరగా అతుక్కుపోయింది.

వెంటిలేటర్ విషయంలో నేను ఒక్కటే పట్టుబడతాను. రోజూ పొద్దున మత్తు ఆపి, లేపి, సొంతంగా ఊపిరి తీయగలడేమో చూడండి. ట్యూబ్ ఒక రోజు ముందు తీశారంటే ఆ రోజు రిస్క్ మొత్తం పోయినట్టే.

క్వాలిటీ_రమేష్

మా షీట్‌లో క్లోర్‌హెక్సిడిన్ ఇంకా ఉంది సార్. తీసేయమంటే కమిటీలో ఎవరు సంతకం పెడతారు అని కూర్చున్నారు.

సుజాత_ఐసీఎన్

(తొమ్మిది వారాల తర్వాత)

ఆలస్యానికి క్షమించండి. చాలా జరిగింది.

ఫారం లేకుండా వారం రోజులు నిలబడ్డాను. మందులు సర్దుతున్నట్టు నటిస్తూ, లైన్ హబ్ విప్పిన 40 సార్లు చూశాను. స్పిరిట్ స్వాబ్‌తో పదిహేను సెకన్లు రుద్ది, ఆరనిచ్చి, అప్పుడు సిరంజి పెట్టింది 11 సార్లే. మిగతావాటిలో కొన్ని అసలు తుడవలేదు, కొన్ని ఒక్కసారి రాసి తడిగా ఉండగానే మందు తోసేశారు. త్రీవే మూతలు పక్క మీద పెట్టి మళ్ళీ అవే పెట్టడం కూడా చూశాను.

తిట్టబోయి ఆగాను. ఎందుకు తుడవట్లేదని ఒక అమ్మాయిని అడిగితే, "అక్కా, స్వాబ్‌లు కౌంటర్ డ్రాయర్‌లో ఉంటాయి, నోరడ్రినలిన్ అయిపోతుంటే పంపు మోగుతుంది, అక్కడికి వెళ్ళి వచ్చే టైము ఉండదు" అంది. నిజమే. కౌంటర్ నుంచి తొమ్మిదో బెడ్‌కి నేనే నడిచి చూశాను, రానూపోనూ అర నిమిషం పైనే. ఇప్పుడు ప్రతి బెడ్ తల దగ్గర స్టాండుకి స్వాబ్‌ల డబ్బా, కొత్త మూతల డబ్బా కట్టాం. ఇందుకు అయిన ఖర్చు చెప్తే నవ్వుతారు.

ట్రకియాస్టమీ కేసు కూడా అర్థమైంది. కఫం కారి మెడ మీది డ్రెస్సింగ్ అంచు లేచిపోతోంది. "పారదర్శక డ్రెస్సింగ్ ఏడు రోజులకి మార్చాలి" అని రాసి ఉంది కాబట్టి లేచిన అంచు మీద ఇంకో టేపు అతికించి ఏడో రోజు దాకా లాగుతున్నారు. తడిసినా లేచినా ఆ గంటలోనే మార్చమని రాసి అతికించాం.

ఫ్లష్ బాటిల్ తీసేయించాం. స్టోర్స్ వాళ్ళు ముందు ఒప్పుకోలేదు, మనిషికొక వంద మిల్లీలీటర్ల బాటిల్ ఇస్తామన్నారు. అదీ గుచ్చి వదిలేదే అవుతుందని పట్టుబడితే పది మిల్లీలీటర్ల ఆంప్యూల్స్ వచ్చాయి. అయితే బాటిల్ కల్చర్‌లో ఏమీ రాలేదు సార్. యాంటిసెప్టిక్‌లూ శుభ్రంగానే ఉన్నాయి. అసలు అప్పటి బాటిళ్ళు ఎప్పుడో పారేశాం. కాబట్టి ఆ ఇద్దరికీ దాని నుంచే వచ్చిందని ఇప్పటికీ చెప్పలేను.

రెండు నెలల్లో 438 లైన్ డేస్, ఒక్క ఇన్‌ఫెక్షన్. 2.3 పడింది.

గోదారి_గట్టు

బాటిల్ నెగటివ్ వచ్చినా తీసేయడం సరైన పనే. మళ్ళీ బర్క్‌హోల్డేరియా ఒక్కటి కనబడినా ఆ రోజే వాడుతున్న ద్రవాలన్నీ పారేయకుండా దాచి ల్యాబ్‌కి పంపండి, లాట్ నంబర్లతో సహా.

2.3 చూసి అప్పుడే ఫ్లెక్సీ కట్టించకండి. నెలకి రెండొందల చిల్లర లైన్ డేస్ ఉన్న యూనిట్‌లో ఒక్క కేసు అటూ ఇటూ అయితే రేటు సున్నా నుంచి నాలుగున్నరకి ఎగురుతుంది. మీ లాంటి చిన్న ఐసీయూకి నెలవారీ రేటు కన్నా "కిందటి ఇన్‌ఫెక్షన్ వచ్చి ఇవాళ్టికి ఎన్ని రోజులు" అన్న బోర్డు మేలు. ఆరు నెలలు చూస్తే అప్పుడు ఏదైనా అనొచ్చు.

సుజాత_ఐసీఎన్

అలాగే సార్. ఇంకో తలనొప్పి చెప్పడం మర్చిపోయాను. లైన్ వేశాక రోజూ చూడాల్సినవాటికి కొత్త షీట్ పెట్టి, టిక్కులు కాకుండా నేను కళ్ళతో చూసినవే లెక్కేశాను. క్యాజువాలిటీ లైన్లూ కలిపాను. మొదటి నెల 58 శాతం వచ్చింది. నిన్న మీటింగ్‌లో గ్రాఫ్ చూసి మేనేజ్‌మెంట్ వాళ్ళు "97 నుంచి 58కి ఎందుకు పడిపోయింది, నువ్వొచ్చాక స్టాఫ్ మాట వినట్లేదా?" అన్నారు. ఇన్‌ఫెక్షన్లు తగ్గిన స్లైడ్ దాకా వెళ్ళనే లేదు.

క్వాలిటీ_రమేష్

మేడమ్, పాత 97నీ కొత్త 58నీ ఒకే గీత మీద పెట్టకండి, ఆ రెండూ వేర్వేరు కొలతలు. గ్రాఫ్ కొత్తగా మొదలుపెట్టి, కింద "ప్రత్యక్షంగా చూసినవి" అని రాయండి. వచ్చే మీటింగ్‌కి నా ఫార్మాట్ పంపిస్తాను. చెప్పడం మర్చిపోయాను, మీ పోస్ట్ చదివాక మా ఐసీయూలో కూడా ట్రాలీ చూశాను. బాటిల్ ఉంది, సూదితో సహా.